జత ఎంపిక: పరిణామవాద వివరణలు, కట్టుకథ విమర్శ

ప్రాణులు జతను ఎంచుకునేటప్పుడు కొన్ని లక్షణాల వైపే మొగ్గు చూపుతాయి. ఆ మొగ్గుకు కారణాన్ని వాటి పూర్వీకుల సంతానోత్పత్తి చరిత్రలో వెతికే వివరణలను పరిణామవాద వివరణలు అంటారు. ఒక లక్షణమున్న జతను కోరుకున్నవాటికి మిగతావాటికన్నా ఎక్కువ పిల్లలు పుట్టి, బతికి బట్టకడితే, ఆ కోరికకు దారితీసిన వంశపారంపర్య గుణం తరం తరానికీ వ్యాపిస్తుంది. వీటన్నిటి వెనకా ఉన్న తర్కం ఇదే. పక్షులు, చేపలు, కీటకాల విషయంలో ఈ తర్కం జీవశాస్త్రంలో ఎప్పుడో స్థిరపడింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1970ల చివరి నుంచి ఒక ఆరోపణ దీన్ని వదలకుండా వెంటాడుతోంది. ఈ వివరణలు ఏ ఫలితం వచ్చినా సర్దుకుపోతాయని, అందువల్ల అవి పరీక్షకు నిలిచే శాస్త్రం కాదని, జరిగిపోయినదానికి తర్వాత అల్లిన కథలని ఆ ఆరోపణ. అది ఎక్కడ తగులుతుంది, ఎక్కడ తగలదు అన్నది ఒక్కొక్క వివరణనూ విడిగా చూస్తేనే తేలుతుంది.

పునాదులు

మగనెమలి పింఛం చార్లెస్ డార్విన్‌ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఎగరడానికి అడ్డం, పులికి సులువుగా చిక్కే బరువు. బతకడానికి ఏమాత్రం పనికిరాని ఆ అలంకారాన్ని ప్రకృతి వరణం ఎందుకు తుడిచిపెట్టలేదో ఆయనకు అంతుపట్టలేదు. నెమలి ఈకను చూస్తేనే తనకు ఒంట్లో బాగుండదని 1860లో ఒక మిత్రుడికి రాసుకున్నాడు. 1871లో వెలువడిన మానవ అవతరణ గ్రంథంలో దానికి జవాబు చెప్పాడు. బతికి ఉండటం ఒక్కటే చాలదు, జత దొరకాలి. ఆడపక్షులు తరతరాలుగా అందమైన మగపక్షులను ఎంచుకుంటూ వస్తే బతుకుకు బరువైన అలంకారమైనా పెరుగుతుంది. దీనికి ఆయన లైంగిక వరణం అని పేరు పెట్టాడు. ప్రకృతి వరణాన్ని తనతోపాటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మాత్రం ఆడప్రాణి అభిరుచికి అంత శక్తి ఉందంటే ఒప్పుకోలేదు.

ఎంపిక చేసేది ఎక్కువగా ఆడప్రాణే ఎందుకు? దీనికి స్పష్టమైన సమాధానం 1972లో రాబర్ట్ ట్రివర్స్ ఇచ్చాడు. పిల్లల కోసం ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టుకుంటారో వారే ఆచితూచి ఎంచుకుంటారు, తక్కువ ఖర్చు పెట్టేవారు వారికోసం పోటీ పడతారు. గర్భం, పాలు, పొదగడం చాలా జాతుల్లో ఆడప్రాణి వంతు కాబట్టి ఎంపికా ఆమెదే అవుతుంది. ఈ సూత్రానికి బలం దాని తిరగేసిన రూపంలో ఉంది. మగది పిల్లల భారం మోసే జాతుల్లో పాత్రలు తారుమారు కావాలి. కొల్లేరు లాంటి చిత్తడి నేలల్లో తామరాకుల మీద నడిచే జకానా పక్షుల్లో గుడ్లు పొదిగేది, పిల్లలను కాచేది మగపక్షి. అక్కడ ఆడపక్షి ఒళ్లు పెద్దది, మగపక్షుల కోసం కొట్లాడుకునేవి కూడా ఆడపక్షులే. సూత్రం తప్పయితే జకానా దాన్ని బయటపెట్టి ఉండేది.

కట్టుకథ అన్న ఆరోపణ

ఉడుత వీపు మీద చారలెందుకున్నాయని పిల్లలు అడిగితే, వారధి కట్టడానికి ఇసుక మోసిన ఉడుతను రాముడు వేళ్లతో నిమిరాడని మన ఇళ్లలో చెబుతారు. అచ్చంగా ఇలాంటివే బొంబాయిలో పుట్టిన ఇంగ్లిష్ రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1902లో జస్ట్ సో స్టోరీస్ అన్న పుస్తకంగా వేశాడు. అందులో మొసలి పట్టి లాగడం వల్ల ఏనుగుకు తొండం సాగుతుంది. ఈ కథలన్నిటికీ ఒకటే పోలిక. ఫలితం ముందే తెలుసు, దానికి సరిపడే సంఘటనను వెనక్కి వెళ్లి అతికిస్తాం. కథ కుదురుగా ఉంటే చాలు, అది నిజమో కాదో చూడాల్సిన పని ఉండదు.

పరిణామవాద వివరణలకు ఈ పేరు తగిలించి ప్రచారంలోకి తెచ్చినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పురాజీవ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్. 1979లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం ఈ చర్చకు మూలంగా నిలిచింది. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి గుమ్మటాన్ని వారు ఉదాహరణగా తీసుకున్నారు. గుండ్రటి గుమ్మటాన్ని కమానుల మీద నిలబెడితే, రెండు కమానులు కలిసే మూలలో మూడు కోణాల జాగా తప్పనిసరిగా మిగులుతుంది. అక్కడ వేసిన బొమ్మలు ఎంత చక్కగా అమిరాయంటే, బొమ్మల కోసమే ఆ జాగాను కట్టారేమో అనిపిస్తుంది. నిజానికి అది కట్టడంలో మిగిలిన ముక్క. ప్రాణుల్లోనూ ఇలాంటి మిగులు లక్షణాలు ఉంటాయని, ప్రతి లక్షణాన్నీ ఏదో ఒక పని కోసం మలిచిన అనుకూలనంగా చూడటం తప్పని వారి వాదన. ఒక కథ తప్పని తేలితే, అనుకూలనం కాదేమో అని ఆలోచించకుండా ఇంకో అనుకూలన కథ వెతుకుతారని కూడా ఎత్తిచూపారు.

మనుషుల జత ఎంపిక విషయంలో ఈ విమర్శ మూడు చోట్ల పదునెక్కుతుంది. మొదటిది, మన పూర్వీకుల సామాజిక జీవితం శిలాజాలుగా మిగలలేదు. రాతియుగపు ఆడ, మగ ఏం కోరుకున్నారో తవ్వకాల్లో దొరకదు. రెండోది, ఒకే సిద్ధాంతం ఎదురెదురు ఫలితాలను సమర్థించగలదు. రోగాలు ఎక్కువున్న చోట ఆడవాళ్లు గంభీరమైన మగ ముఖాలను కోరితే, బలమైన జన్యువుల కోసమని చెప్పవచ్చు. కోరకపోతే, కష్టకాలంలో ఇల్లు చూసుకునే తండ్రి కావాలి కాబట్టి అనవచ్చు. మూడోది, అదే ఫలితాన్ని సమాజ నిర్మాణంతో కూడా వివరించగలిగినప్పుడు, రెంటిలో ఏది నిజమో తేల్చే పరీక్ష పెట్టకుండా మొదటిదాన్నే నమ్మడం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న మొండితనానికి ఈ మూడూ చోటిస్తాయి.

పిట్ట తోక మీద ప్రయోగం

పరీక్ష అంటే ఎలా ఉండాలో చూపడానికి జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు మళ్లీమళ్లీ చెప్పే ప్రయోగం ఒకటుంది. స్వీడన్ శాస్త్రవేత్త మాల్టే ఆండర్సన్ కెన్యాలోని గడ్డిభూముల్లో విడోబర్డ్ అనే పక్షి మీద చేసి, 1982లో ప్రచురించాడు. మగపక్షి ఒళ్లు చిన్నదే కానీ, తోక సుమారు అర మీటరు పొడవుంటుంది. ఆడపక్షి తోక చిన్నదే. మగపక్షులు ఒక్కొక్కటీ కొంత గడ్డినేలను తమదిగా కాచుకుంటాయి. ఆడపక్షులు వచ్చి, నచ్చినవాడి నేలలో గూడు కట్టుకుంటాయి.

ఆండర్సన్ 36 మగపక్షులను పట్టుకున్నాడు. కొన్నిటి తోకలు దాదాపు 14 సెంటీమీటర్లకు కత్తిరించాడు. ఆ ముక్కలను బలమైన జిగురుతో వేరే పక్షుల తోకలకు అతికించి, వాటిని మామూలుకన్నా పాతిక సెంటీమీటర్ల మేర పొడిగించాడు. అసలు తెలివి మిగిలిన రెండు గుంపుల్లో ఉంది. ఒక గుంపు పక్షుల తోకలు కత్తిరించి మళ్లీ వాటికే అతికించాడు. కత్తెర, జిగురుల వల్లే ఏమైనా జరుగుతోందా అని చూడటానికి అది. ఇంకో గుంపును ముట్టుకోకుండా వదిలేశాడు. తోకలు మార్చకముందే ఒక్కో పక్షి నేలలో ఎన్ని గూళ్లున్నాయో లెక్కపెట్టి పెట్టుకున్నాడు. అప్పుడు గుంపుల మధ్య తేడా లేదు. మార్చిన తర్వాత కొత్త గూళ్లు అందరికన్నా ఎక్కువగా వచ్చింది తోక పొడిగించిన పక్షులకే. తోక తెగినవి తమ నేలను మాత్రం ఎప్పటిలాగే కాపాడుకున్నాయి. అంటే పొడవాటి తోక మగవాటి కొట్లాటలో పనికొచ్చే ఆయుధం కాదు, ఆడపక్షి ఎంపికను ఆకర్షించేదే.

ఇక్కడ కథకు చోటు దొరకదు. కారణమని అనుకున్నదాన్ని చేత్తో మార్చి చూశారు. ఎదుటి వివరణలను ఒక్కొక్కటిగా పక్కకు తప్పించారు. ఫలితం వేరేగా వస్తే ఊహ అక్కడికక్కడే పడిపోయేది. అయినా ఒక జాతిలో తేలింది ఇంకో జాతికి వర్తిస్తుందని అనుకోలేం. డార్విన్‌ను వేధించిన నెమలి మీదే చూడండి. ఇంగ్లండ్‌లోని విప్స్‌నేడ్ పార్కులో పింఛంలో కన్నులు ఎక్కువున్న మగనెమళ్లకే జతలు ఎక్కువ దొరుకుతున్నాయని మారియన్ పెట్రీ బృందం 1991లో చెప్పింది. జపాన్‌లో ఒక నెమళ్ల గుంపును ఏడేళ్లు గమనించిన మరికో తకహాషి బృందం 2008లో అలాంటి సంబంధమేమీ కనబడలేదని తేల్చింది. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు.

ముప్పై ఏడు సమూహాల సర్వే

మనుషుల తోకలు కత్తిరించి అతికించలేం. అందుకే మనుషుల మీద పరిశోధన ఎక్కువగా ప్రశ్నపత్రాలతో నడిచింది. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది డేవిడ్ బస్ 1989లో ప్రచురించిన సర్వే. భారత్‌తో కలిపి 33 దేశాల్లో 37 సమూహాల నుంచి 10,047 మందిని, జీవిత భాగస్వామిలో ఏ లక్షణం ఎంత ముఖ్యమో సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేయమని అడిగారు. మంచి సంపాదన అవకాశాలకు 37లో 36 సమూహాల్లో ఆడవారు మగవారికన్నా స్పష్టంగా ఎక్కువ మార్కులు వేశారు. మగవారు తమకన్నా సగటున రెండున్నర ఏళ్లకు పైగా చిన్నవారిని కోరితే, ఆడవారు మూడేళ్లకు పైగా పెద్దవారిని కోరారు. వయసు విషయంలో ఈ దిశ అన్ని సమూహాల్లోనూ ఒక్కటే. ట్రివర్స్ సూత్రం నుంచి ముందే ఊహించిన ఫలితం ఇదేనని బస్ వాదన. గర్భభారం మోసే ఆమెకు పోషణ కావాలి, ఆమె సంతానశక్తి వయసుతో తగ్గుతుంది కాబట్టి అతనికి యవ్వనం కావాలి.

అదే సర్వేలో ఇంకో వరుస ఉంది. పెళ్లికి ముందు లైంగిక అనుభవం లేకపోవడం ముఖ్యమా అన్న ప్రశ్నకు చైనా, భారత్, ఇండోనేషియా, ఇరాన్‌లలో ఆడా మగా ఇద్దరూ ఎక్కువ మార్కులు వేశారు. స్వీడన్, నార్వేల్లో ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. ఆడ, మగ మధ్య తేడాకన్నా దేశానికీ దేశానికీ తేడా ఎన్నో రెట్లు పెద్దది. మగవాడికి తన బిడ్డేనన్న నమ్మకం కావాలి కాబట్టి ఈ కోరిక మానవ స్వభావంలోనే పాతుకుపోయి ఉంటుందన్న అంచనాను ఇది బాగా బలహీనపరిచింది.

మిగిలిన వరుసలకు ఎదుటి వివరణను 1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ ముందుకు తెచ్చారు. ఉద్యోగాలు, ఆస్తులు మగవారి చేతుల్లో ఉన్న సమాజంలో ఆడవాళ్లు సంపాదన ఉన్నవాడిని కోరుకోవడానికి రాతియుగం దాకా పోనక్కర్లేదు, ఈనాటి లెక్క చాలు. ఇది నిజమైతే స్త్రీలకు అధికారం, ఆదాయం ఎక్కువున్న దేశాల్లో తేడా తగ్గాలి. బస్ సేకరించిన అంకెలనే తీసుకుని, ఐక్యరాజ్యసమితి తయారుచేసిన స్త్రీ సాధికారత సూచికతో పోల్చి చూశారు. సంపాదన, వయసు, ఇంటిపని నైపుణ్యం విషయాల్లో తేడా నిజంగానే తగ్గింది. అందం విషయంలో అలా తగ్గలేదు.

ఇక్కడ గమనించాల్సింది, రెండు పక్షాలూ తమ తమ అంచనాలను ముందే చెప్పి ఒకే సమాచారం మీద పందెం కాశాయి. ఇది కథల పోటీ దాటి పరీక్షల పోటీ అయింది. 2020లో 45 దేశాల నుంచి 14 వేలకు పైగా మందితో క్యాథరిన్ వాల్టర్, తదితరులు అదే సర్వేను కొత్తగా చేశారు. ఆడ, మగ తేడాలు మళ్లీ కనబడ్డాయి. స్త్రీ పురుష సమానత్వం పెరిగేకొద్దీ వయసు తేడా తగ్గడమూ కనబడింది. కానీ సంపాదన కోరికకు సమానత్వంతో ముడి ఉందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అంటే పందెం ఎవరి వైపూ పూర్తిగా తేలలేదు.

ఇంకో చిక్కు కాగితం మీది కోరికకూ ఎదురుగా ఉన్న మనిషికీ మధ్య ఉంది. 2008లో పాల్ ఈస్ట్విక్, ఎలి ఫింకెల్ అమెరికాలో 160 మందికి పైగా విద్యార్థులను కొన్ని నిమిషాల పరిచయాల కార్యక్రమంలో కూర్చోబెట్టారు. ముందు అడిగినప్పుడు మగవారు అందమని, ఆడవారు సంపాదన అవకాశమని మామూలు తేడాయే చెప్పారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాక ఎవరు నచ్చారో చెప్పేటప్పుడు ఆ తేడా కనబడలేదు. పరిణామం మలిచేది ప్రశ్నపత్రంలో వేసిన మార్కులను కాదు, నిజంగా జరిగిన ఎంపికలను. కాబట్టి ఇది చిన్న అభ్యంతరం కాదు.

ఋతుచక్రం పరికల్పన

ఈ రంగంలో ఒక ఊహ పుట్టి, పెరిగి, పరీక్షలో పడిపోయిన చరిత్ర పూర్తిగా తెలిసిన ఉదాహరణ ఋతుచక్రానిది. మగ హార్మోను ఎక్కువైతే దవడ వెడల్పవుతుంది, కనుబొమల గట్టు పొడుచుకొస్తుంది. ఆ హార్మోను రోగనిరోధక శక్తి మీద భారం మోపుతుంది కాబట్టి, అలాంటి ముఖం ఉండి కూడా ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచి జన్యువులు ఉండాలని ఒక సిద్ధాంతం ఉండేది. దాని ప్రకారం ఆడవారికి గంభీరమైన ముఖాలు నచ్చాలి. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పెరెట్ బృందం కంప్యూటరులో మగ ముఖాలను మరింత పురుషంగానో, మరింత స్త్రీలా సున్నితంగానో మార్చి చూపించింది. 1998లో వచ్చిన ఫలితం అడ్డం తిరిగింది. బ్రిటన్, జపాన్ స్త్రీలు మొత్తంమీద సున్నితమైన ముఖాలనే ఇష్టపడ్డారు.

మరుసటి ఏడాదే దీనికి సవరణ వచ్చింది. ఇయాన్ పెంటన్-వోక్, తదితరులు గర్భధారణకు అవకాశమున్న రోజుల్లో మాత్రం స్త్రీల మొగ్గు పురుష లక్షణాల వైపు జరుగుతుందని 1999లో ప్రకటించారు. వివరణ ఇది: సున్నితమైనవాడు మంచి తండ్రి, గంభీరమైనవాడి దగ్గర మంచి జన్యువులు. స్త్రీ మనసు సంసారానికి ఒకరినీ, అండం విడుదలయ్యే రోజుల్లో ఇంకొకరినీ కోరేలా మలచబడిందట. దెబ్బతిన్న సిద్ధాంతాన్ని కాపాడటానికి వచ్చిన సవరణే అయినా, ఇది గౌల్డ్ చెప్పిన కోవలో పూర్తిగా పడదు. ఏ రోజుల్లో, ఏ ముఖాల మీద, ఏ రకం సంబంధానికి అన్నది విడమరిచి చెప్పింది కాబట్టి పరీక్షకు అందింది. తర్వాతి పదేళ్లలో దీన్ని సమర్థించే పత్రాలు పదుల సంఖ్యలో వచ్చాయి.

లోపం సిద్ధాంతంలో కాదు, రోజులు లెక్కపెట్టే పద్ధతిలో బయటపడింది. గత నెలసరి ఎప్పుడు మొదలైందో అడిగి, దాన్నుంచి గర్భధారణ రోజులను లెక్కగట్టడం అప్పటి అలవాటు. ఒక స్త్రీ తనది 28 రోజుల చక్రమని, ఇవాళ పన్నెండో రోజని చెప్పిందనుకుందాం. ఆరు నుంచి పద్నాలుగు దాకా గర్భధారణ రోజులని లెక్కించే పరిశోధకుడు ఆమెను ఆ బుట్టలో వేస్తాడు. కానీ ఆ నెల ఆమె చక్రం 33 రోజులు సాగితే అండం విడుదలయ్యేది సుమారు పందొమ్మిదో రోజున. అంతకుముందు అయిదు రోజులు, ఆ రోజు కలిపితే పద్నాలుగు నుంచి పందొమ్మిది దాకా. పన్నెండో రోజు అందులో లేదు. ఇది అరుదైన సంగతేమీ కాదు. గర్భధారణ రోజులు పూర్తిగా పదో రోజుకూ పదిహేడో రోజుకూ మధ్య వచ్చే స్త్రీలు సుమారు 30 శాతమేనని అలెన్ విల్‌కాక్స్ బృందం 2000లో చూపించింది.

దీనికి తోడు, ఏ రోజులను లెక్కలోకి తీసుకోవాలన్నది ఒక్కో పత్రంలో ఒక్కో రకంగా ఉండేది. రోజుల లెక్కకు నాలుగు పద్ధతులు, పెళ్లయినవారా, కానివారా, అందరూనా అన్న మూడు ఎంపికలు, తాత్కాలిక సంబంధానికా, శాశ్వతానికా, ఏదీ చెప్పకుండానా అన్న మూడు ప్రశ్నలు చేతిలో ఉంటే మొత్తం 36 దారులు. గణాంకశాస్త్రంలో నూటికి అయిదు హద్దు పెట్టుకుంటే, అసలు ఏ ప్రభావమూ లేకపోయినా ఆ 36లో సగటున రెండు దారుల్లో ఏదో దొరికినట్టు కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు. దొరికిన దారిని సరైన దారని నమ్మితే చాలు. 2014లో పాత పత్రాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన రెండు బృందాలు ఎదురెదురు తీర్మానాలకు వచ్చాయి. ప్రభావం ఉందని ఒకరు, నమ్మదగ్గది కాదని ఇంకొకరు.

అప్పుడు కావాల్సింది ఇంకో వాదన కాదు, మెరుగైన కొలత. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో బెనెడిక్ట్ జోన్స్, లీసా డెబ్రూయిన్ తదితరులు 584 మంది స్త్రీలను పలుమార్లు పిలిపించి, ప్రతిసారీ లాలాజలంలో హార్మోన్లు కొలిచి, ముఖాల మీద వారి ఇష్టాలను నమోదు చేశారు. ఒకే మనిషిని ఆమెతోనే పోల్చారు. హార్మోన్ల హెచ్చుతగ్గులకూ పురుష ముఖాల మీద ఇష్టానికీ నమ్మదగ్గ సంబంధమేదీ లేదని 2018లో ప్రకటించారు. ఈ ఇద్దరూ అంతకుముందు అదే పరికల్పనను సమర్థిస్తూ రాసినవారు. జర్మనీలోని గోటింగెన్‌లో లార్స్ పెంకె బృందం శరీరాకృతుల మీద చేసిన పరిశోధన కూడా ఇదే దారిలో నడిచింది. గర్భధారణ రోజుల్లో స్త్రీలు మగవారందరికీ కాస్త ఎక్కువ మార్కులు వేశారు గానీ, ఫలానా రకం మగవాడికంటూ ప్రత్యేకంగా మొగ్గలేదు.

కలిసి పెరిగినవారు, మేనరికం

మనుషుల మీద వచ్చిన పరికల్పనల్లో పరీక్షకు చాలావరకు నిలిచినది కూడా ఒకటుంది. అది ఇష్టం గురించి కాదు, అయిష్టం గురించి. చిన్ననాటి నుంచి ఒకే ఇంట్లో పెరిగినవారి మధ్య పెద్దయ్యాక ఆకర్షణ ఉండదని ఫిన్లండ్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో చెప్పాడు. దగ్గరి రక్తసంబంధీకుల సంతానానికి జబ్బుల ముప్పు ఎక్కువ కాబట్టి పరిణామం ఈ ఏర్పాటు చేసిందని ఆయన ఊహ. తైవాన్‌లో పసిపాపను కాబోయే కోడలిగా తెచ్చుకుని కొడుకుతో పాటే పెంచే ఆచారం ఉండేది. రక్తసంబంధం లేదు, పెంపకం మాత్రం ఒకటే. రెంటినీ విడదీసి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. మానవశాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ అక్కడి రికార్డులు తిరగేస్తే, ఈ జంటలకు మిగతా జంటలకన్నా పిల్లలు తక్కువ, విడాకులు ఎక్కువ అని తేలింది.

ఇదే సిద్ధాంతానికి హద్దు ఎక్కడో తెలుగువారి బంధుత్వాలు చూపిస్తాయి. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మనకు బావలు, మరదళ్లు. పెదనాన్న, బాబాయిల పిల్లలు, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు అన్నలు, చెల్లెళ్లు. జన్యువుల లెక్కలో ఈ నలుగురూ సమానమే, అందరితోనూ ఎనిమిదో వంతు పంపకం. అక్క కూతురైతే నాలుగో వంతు, అయినా కొన్ని కుటుంబాల్లో మేనమామకు ఇచ్చి చేశారు. రక్తసంబంధాన్ని తప్పించడమే అసలు కారణమైతే ఈ గీత ఇక్కడ పడకూడదు. కలిసి పెరగడమే కారణమన్నా పూర్తిగా కుదరదు. ఉమ్మడి కుటుంబంలో బాబాయి పిల్లలు ఒకే పంచన పెరుగుతారు, సరే. పిన్ని పిల్లలు వేరే ఊళ్లో ఆమె మెట్టినింట పెరిగినా వరస మాత్రం అన్నాచెల్లెళ్లదే. ఈ గీతను గీసింది బంధుత్వ వ్యవస్థ. వియ్యమందుకునే కుటుంబాలనూ, అందుకోని కుటుంబాలనూ వేరుచేసే ద్రావిడ బంధుత్వ పద్ధతిగా థామస్ ట్రాట్మన్ వంటి పండితులు దీన్ని వివరించారు.

ఇందులో పరిణామవాదానికి ఓటమి ఏమీ లేదు. వెస్టర్‌మార్క్ చెప్పింది వ్యక్తి ఆకర్షణ గురించి. మేనరికం పెద్దలు పెట్టుకున్న నియమం. ఈ రెండూ ఒకటి కావని మరచిపోయి, నియమాన్ని కూడా జన్యువులతోనే వివరించాలని పూనుకుంటే కథ మొదలవుతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ఎవరి మొగ్గును కొలుస్తున్నామన్న ప్రశ్న ప్రతి సర్వేకూ వర్తిస్తుంది. వరుడు, వధువు వేసిన మార్కులూ, తల్లిదండ్రులు వేసే మార్కులూ ఒకటే కానక్కర్లేదు.

సమర్థకుల జవాబు, మిగిలిన చిక్కు

పరిణామ మనోవిజ్ఞాన సమర్థకులు కట్టుకథ ఆరోపణకు ఇచ్చే జవాబు తత్వవేత్త ఇమ్రే లకటోస్ ఆలోచన మీద నిలబడింది. తిమోతీ కెటెలార్, బ్రూస్ ఎలిస్ 2000లో దీన్ని వివరంగా రాశారు. ప్రకృతి వరణం, తల్లిదండ్రుల పెట్టుబడి వంటి మూల సూత్రాలను ఏ ఒక్క ప్రయోగమూ నేరుగా పడగొట్టదు. వాటి నుంచి పుట్టే చిన్న చిన్న పరికల్పనలే పరీక్షకు వెళతాయి. ఆ పరికల్పనలు కొత్త విషయాలను ముందుగా ఊహించగలుగుతుంటే పరిశోధనా మార్గం ముందుకు పోతున్నట్టు. పాత ఓటములకు అతుకులు వేయడంతోనే సరిపోతుంటే వెనక్కి పోతున్నట్టు. ఈ లెక్కన ఒక పరికల్పన పడిపోవడం రంగానికి అపకీర్తి కాదు, అది పనిచేస్తోందనడానికి గుర్తు.

విమర్శకులు దీనితో పూర్తిగా తృప్తి పడరు. చిన్న పరికల్పనలు ఎన్ని పడిపోయినా మూల సూత్రానికి గీత పడకపోతే, దాన్ని నమ్మడానికి ఆధారమేమిటని వారి ప్రశ్న. తత్వవేత్త సుబ్రీనా స్మిత్ 2020లో మరింత లోతైన అభ్యంతరం చెప్పింది. ఈనాటి మనసులోని ఒక మొగ్గు, పూర్వీకుల మనసులోని మొగ్గు ఒకే యంత్రాంగమని, అది వారసత్వంగా అదే పని కోసం వచ్చిందని చూపితే గాని వివరణ పూర్తి కాదు. పూర్వీకుల మనసు అందుబాటులో లేనప్పుడు ఆ జతపరచడం ఎలా అని ఆమె అడుగుతుంది. దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా రాలేదు.

పైన చూసిన ఉదాహరణల్లో తేడా ఎక్కడుందో ఇప్పుడు చెప్పవచ్చు. విడోబర్డ్ విషయంలో కారణాన్ని మార్చి చూసే వీలుంది. తైవాన్‌లో రక్తసంబంధాన్నీ పెంపకాన్నీ చరిత్రే విడదీసి పెట్టింది. 37 సమూహాల సర్వేలో ఆ రెండు వీలూ లేవు. అందుకే అక్కడ సమాజ వివరణ, పరిణామ వివరణ ఇప్పటికీ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. ఋతుచక్రం పరికల్పన తన రోజులనూ, ముఖాలనూ స్పష్టంగా చెప్పుకుంది. 584 మంది లాలాజలం దాన్ని పడగొట్టింది. ఆ ఓటమి తర్వాత, ముఖాల మాట వదిలేసి గర్భధారణ రోజుల్లో ఆసక్తి మొత్తంగా పెరుగుతుందన్న మరింత సాదా ప్రతిపాదన వైపు పరిశోధకులు కొందరు జరిగారు. అదీ ఏ కొలత వస్తే తప్పవుతుందో ముందే రాసిపెట్టుకుంటేనే పాతదానిలా పరీక్షకు అందుతుంది. లేకపోతే వారధి దగ్గరి ఉడుత కథ పక్కన ఇంకో కథగా చేరుతుంది.